పూర్తయిన సినిమా ఒక్కటే దాస్తే సరిపోదు

2031 మే 21న దక్షిణ భారతంలో మళ్లీ వలయాకార సూర్యగ్రహణం కనిపిస్తుంది. చంద్రుడి నీడ కేరళ, తమిళనాడుల మీదుగా సాగుతుంది. దానికి ముందు ఈ ప్రాంతంలో ఇలాంటి గ్రహణం 2019 డిసెంబరు 26 ఉదయం కనిపించింది. ఆ రోజు కాసరగోడ్ జిల్లా చెరువత్తూరులో, కోయంబత్తూరులో, దిండిగల్‌లో ఎన్నో కెమెరాలు ఆకాశం వైపు తిరిగాయి. సూర్యుడి చుట్టూ అగ్నివలయం నిలిచింది సుమారు 3 నిమిషాలే. ఆ ఫుటేజ్‌తో తీసిన విజ్ఞాన చిత్రాలను 2031లో మళ్లీ చూపించాలని, తెలుగు వ్యాఖ్యానం మార్చి కొత్త భాగం కలపాలని చాలామందికి అనిపించడం సహజం. అప్పుడు వాటిలో ఎన్ని ఎడిట్లు మళ్లీ తెరుచుకుంటాయన్నదే ప్రశ్న.

పూర్తయిన చిత్రం ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. కానీ అందులో మాట, సంగీతం, అక్షరాలు, బొమ్మ అన్నీ కలిసి ఒకే ముద్దగా గడ్డకట్టి ఉంటాయి. వ్యాఖ్యానంలో ఒక అంకె తప్పని తేలితే ఆ అంకెను ఒక్కదాన్నే తీసి మార్చలేం. తెర మీద హిందీలో ఉన్న శీర్షికను చెరిపి తెలుగులో రాయలేం. విజ్ఞాన చిత్రాలకు ప్రజాధనం ఖర్చుపెట్టే సంస్థలు మామూలుగా అడిగి తీసుకునేది ఈ గడ్డకట్టిన ఫైలునే. అది చాలదు. వేరే కంప్యూటర్లో, వేరే మనుషుల చేతుల్లో తెరుచుకునే ఎడిట్‌ను కూడా అడగాలి. అందుకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. మొదటి రోజు నుంచే ఫోల్డర్లు, పేర్లు, కాపీల విషయంలో కొంత క్రమం ఉంటే చాలు.

ఎడిట్ అంటే చిరునామాల జాబితా

ఎడిటింగ్ ప్రోగ్రాములో చేసిన పనిని సేవ్ చేస్తే తయారయ్యే ప్రాజెక్టు ఫైలులో సినిమా ఉండదు. గంటల ఫుటేజ్ వాడినా ఆ ఫైలు తరచూ కొన్ని మెగాబైట్లే ఉంటుంది. Premiere Pro తయారుచేసే `.prproj` ఫైలు నిజానికి కుదించి పెట్టిన అక్షరాల పత్రమే. ఫలానా డ్రైవులో, ఫలానా ఫోల్డర్లో, ఫలానా పేరున్న క్లిప్‌ను ఫలానా క్షణం నుంచి ఫలానా క్షణం వరకు ఇక్కడ చూపించు అని అందులో రాసి ఉంటుంది. వంటకు కావలసిన సరుకుల చీటీ ఇంట్లో ఉంటే సరుకులు ఇంట్లో ఉన్నట్టు కాదు కదా. ఇదీ అంతే. చీటీలోని చిరునామాలో సరుకు కనిపించకపోతే తెర మీద `Media Offline` అన్న ఎర్రటి పలక వస్తుంది.

ఈ జాబితా మూడు రకాలుగా పాడవుతుంది. క్లిప్ ఉన్న చోటు మారవచ్చు. క్లిప్ పేరు మరో క్లిప్ పేరుతో కలిసిపోవచ్చు. చోటూ పేరూ సరిగ్గానే ఉన్నా లోపలి బైట్లు చెడిపోవచ్చు. మొదటిదాన్ని ఫోల్డర్ల అమరిక, రెండోదాన్ని పేరు పెట్టే పద్ధతి, మూడోదాన్ని తనిఖీ చేసిన కాపీలు అడ్డుకుంటాయి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా మిగతా రెండింటితో పని జరగదు.

పూర్తయిన రూపాన్ని మాత్రమే దాచుకుంటే ఏమవుతుందో అపోలో 11 చూపించింది. 1969లో చంద్రుడి మీది నుంచి వచ్చిన అసలు టీవీ సంకేతం మామూలు టీవీల్లో కనిపించే రకం కాదు. దాన్ని భూమి మీద మార్చి ప్రసారం చేశారు. మార్పులో స్పష్టత తగ్గింది. అసలు సంకేతాన్ని నమోదు చేసిన టేపుల కోసం నాసా చాలా ఏళ్ల తర్వాత వెతికించింది. వాటిని చెరిపి మళ్లీ వాడేసి ఉంటారని 2009లో ప్రకటించింది. మిగిలింది ప్రసారమైన రూపమే.

దీనికి ఎదురు ఉదాహరణ ‘స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్’ అనే అమెరికన్ టీవీ ధారావాహిక. 1987లో మొదలైన దాన్ని 35 ఎంఎం ఫిల్ము మీద తీసి, తక్కువ స్పష్టత ఉన్న వీడియోటేపు మీద ఎడిట్ చేశారు. 2012 నుంచి దాన్ని బ్లూరేలో తేవాలనుకున్నప్పుడు వీడియోటేపు పనికిరాలేదు. అయితే అసలు నెగటివ్‌లు గిడ్డంగిలో భద్రంగా ఉన్నాయి. ఒక్కో షాట్‌నూ వెతికి తీసి, స్కాన్ చేసి, పాత ఎడిట్‌కు సరిపోయేలా మళ్లీ కూర్చారు. నెగటివ్ దొరకని కొద్ది షాట్లను మాత్రం పాత టేపు నుంచే పెంచి వాడుకోవలసి వచ్చింది. అసలు ముడిసరుకు, అది ఎక్కడ ఉందో చెప్పే గుర్తులు రెండూ మిగిలితేనే పాత ఎడిట్ మళ్లీ లేస్తుందని ఆ పని రుజువు చేసింది.

అన్నీ ఒకే కప్పు కింద

2019 గ్రహణం మీద 22 నిమిషాల చిత్రం తీసిన ఒక చిన్న బృందాన్ని ఊహించుకోవచ్చు. వారి దగ్గర ఒకే రకం సోనీ కెమెరాలు రెండు ఉన్నాయి. ఒకటి చెరువత్తూరులో, ఒకటి కోయంబత్తూరులో పెట్టారు. చెరువత్తూరులో గుమిగూడిన జనాన్ని తీయడానికి ఒక గోప్రో కెమెరా కూడా ఉంది. అన్నీ కలిపి 12 గంటల ఫుటేజ్. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీస్తే గంటకు 45 జీబీ, మొత్తం 540 జీబీ అవుతుంది. ధ్వని, బొమ్మలు, పూర్తయిన చిత్రం కలిపినా 600 జీబీ దాటదు.

ఈ సరుకంతా ఒకే ఫోల్డర్ కింద ఉండాలి. దాని రూపం ఇలా ఉండవచ్చు:

```
VALAYA_2019/
  00_README.txt
  01_FOOTAGE/
    20191226_CHV_A01/
    20191226_CBE_B01/
    20191226_CHV_G01/
  02_AUDIO/
  03_GRAPHICS/
  04_FONTS/
  05_PROJECT/
  06_EXPORTS/
  07_CACHE/
```

ఇందులో అంకెలకూ పేర్లకూ మహత్తు ఏమీ లేదు. ఎవరి అలవాటు వారిది. ముఖ్యమైన నియమం వేరే ఉంది. ఏ వస్తువైనా ముందు ఈ ఫోల్డర్లోకి రావాలి, ఆ తర్వాతే టైమ్‌లైన్‌లోకి వెళ్లాలి. ఎడిట్లు విరిగేది ఎక్కువగా ఇక్కడే. ఎవరో వాట్సాప్‌లో పంపిన చంద్రుడి బొమ్మ `Downloads` ఫోల్డర్లో ఉండగానే లాగి టైమ్‌లైన్ మీద పడేస్తారు. సంగీతం పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా వచ్చేస్తుంది. ఆ రోజు అన్నీ చక్కగా పనిచేస్తాయి. రెండేళ్లకు ల్యాప్‌టాప్ మారుతుంది, పెన్‌డ్రైవ్ మాయమవుతుంది. ప్రధాన ఫోల్డర్‌ను ఎంత జాగ్రత్తగా కాపీ చేసినా, అందులో ఎన్నడూ లేని వస్తువు కాపీలోకి రాదు.

ప్రాజెక్టు ఫైలు కూడా ఆ కప్పు కిందే ఉండాలి. DaVinci Resolve మామూలుగా ప్రాజెక్టును తన సొంత డేటాబేసులో దాచుకుంటుంది. ఫుటేజ్ ఫోల్డర్‌ను కాపీ చేసినంత మాత్రాన ఎడిట్ దాని వెంట రాదు. అందుకని ప్రతి వారం పని ముగించేటప్పుడు ప్రాజెక్టును `.drp` ఫైలుగా ఎగుమతి చేసి, తేదీతో `05_PROJECT`లో పెట్టాలి. ఆ ఫైలులోనూ ఫుటేజ్ ఉండదని మరవకూడదు. `07_CACHE` మాత్రం ప్రోగ్రాము తన సౌకర్యం కోసం తయారు చేసుకునే సరుకు. దాన్ని భద్రపరచనక్కర్లేదు. ఎప్పుడైనా మళ్లీ తయారవుతుంది.

ఒకే పేరున్న ఇద్దరు సూర్యులు

పేర్ల విషయంలో జరిగే తప్పు మరింత ప్రమాదకరం, ఎందుకంటే అది చప్పుడు చేయదు. సోనీ కెమెరా తన క్లిప్‌లకు `C0001.MP4`, `C0002.MP4` అని వరుసగా పేర్లు పెడుతుంది. సెట్టింగును బట్టి కార్డు మార్చినప్పుడు లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలుకావచ్చు. రెండు ఊళ్లలో ఒకే రకం కెమెరాలు ఉంటే, రెండింట్లోనూ `C0007.MP4` ఉండి తీరుతుంది. ఒకటి చెరువత్తూరు సూర్యుడు, మరొకటి కోయంబత్తూరు సూర్యుడు.

2031లో ఆ ఎడిట్‌ను కొత్త కంప్యూటర్లో తెరిస్తే చిరునామాలు దొరకవు. ఫైలు ఎక్కడుందో చూపించమని ప్రోగ్రాము అడుగుతుంది. డ్రైవు మొత్తాన్ని చూపిస్తే, పేరు కలిసిన మొదటి ఫైలును అది తగిలించేయవచ్చు. రెండూ అగ్నివలయాలే కాబట్టి చూసేవారికి అనుమానం రాదు. వ్యాఖ్యానం మాత్రం చెరువత్తూరు అంటుంది, తెర మీద కోయంబత్తూరు ఉంటుంది. నీడ పడమర నుంచి తూర్పుకు కదులుతుంది కాబట్టి కోయంబత్తూరులో వలయం కాస్త ఆలస్యంగా కనిపించింది. ఆ షాట్ల సమయాలను పోల్చి నీడ వేగాన్ని లెక్కకట్టే విద్యార్థికి తప్పు జవాబు వస్తుంది. విజ్ఞాన చిత్రంలో షాట్ అలంకారమే కాదు, ఆధారం కూడా. పేరు తప్పితే ఆధారం తప్పుతుంది.

ఇలాంటి తప్పును పట్టుకునే దారి ఉంది. తగిలించిన క్లిప్ నిడివినీ, అది మొదలయ్యే టైమ్‌కోడ్‌నూ పాత జాబితాతో పోల్చాలి. రెండు క్లిప్‌ల పేర్లు కలిసినా ఈ రెండూ కలవడం చాలా అరుదు. అయితే పోల్చుకోవడానికి పాత జాబితా అంటూ ఒకటి ఉండాలి. ముందుగా జాగ్రత్త పడటం అంతకన్నా తేలిక. కార్డు నుంచి కాపీ చేసిన వెంటనే, ఎడిట్ మొదలుకాకముందే, క్లిప్ పేరు ముందు తేదీ, ఊరు, కార్డు గుర్తు చేర్చాలి. `20191226_CHV_A01_C0007.MP4` అన్న పేరును చూడగానే అది ఏ రోజుదో, ఏ ఊరిదో, ఏ కెమెరా కార్డుదో తెలుస్తుంది. కెమెరా ఇచ్చిన అసలు సంఖ్య చివర అలాగే ఉంటుంది. తేదీని సంవత్సరం, నెల, రోజు వరుసలో రాస్తే ఫైళ్లు వాటంతటవే కాలక్రమంలో కూర్చుంటాయి.

ఇక్కడ రెండు హద్దులు గుర్తుంచుకోవాలి. ఎడిట్ మొదలయ్యాక పేరు మార్చకూడదు. మారిస్తే చీటీలోని పేరు ఒకటి, సరుకు పేరు మరొకటి అవుతాయి. రెండోది, కొన్ని కెమెరాలు ఒక్క షాట్‌ను అనేక ఫైళ్లుగా విడదీస్తాయి. గోప్రోలో పొడవైన షాట్ మొదటి భాగం `GX010023.MP4` అయితే రెండోది `GX020023.MP4`. మారేది మధ్యలోని భాగం సంఖ్యే, చివరి నాలుగంకెలు ఒకటే. ఈ సంగతి తెలియక భాగాలను విడిగా దాస్తే షాట్ తెగిపోతుంది. ఒక షాట్ సమాచారం పలు ఫోల్డర్లలో పరుచుకుని ఉండే కెమెరా అయితే లోపల ఏదీ ముట్టుకోకుండా కార్డు మొత్తాన్ని యథాతథంగా కాపీ చేసి, బయటి ఫోల్డర్‌కు మాత్రమే పేరు పెట్టడం మేలు.

తెలుగు పేర్లతో వచ్చే చిక్కు

మన భాషలోనే ఫైలుకు పేరు పెట్టుకోవాలనిపించడం న్యాయమే. కానీ పదేళ్లు నిలవాల్సిన ఫైలు పేరుకు తెలుగు లిపి ఇంకా భద్రం కాదు. దీనికి కారణం అక్షరాలు కంప్యూటర్లో నిలవ ఉండే తీరు. ‘రైతు’లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగా రాయవచ్చు, రెండు ముక్కలు కలిపీ రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే, బైట్లలో వేరు. మ్యాక్ కంప్యూటర్ల పాత ఫైలు వ్యవస్థ పేర్లను విడగొట్టి దాచేది. ఆ డ్రైవు నుంచి వేరే వ్యవస్థకు కాపీ అయిన పేరు తెర మీద సరిగ్గానే కనిపించినా, ప్రాజెక్టు ఫైలులోని పేరుతో కలవకపోవచ్చు. ‘ఫోన్‌లో’ వంటి మాటల్లో పొల్లు తర్వాత అక్షరం ఒత్తుగా మారకుండా ఆపడానికి కంటికి కనిపించని ఒక సంకేతం పెడతారు. ఒకరు అది పెట్టి, ఒకరు పెట్టకుండా టైపు చేస్తే అవి రెండు వేర్వేరు పేర్లు.

అందుకని ఫైలు పేర్లలో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అడుగుగీత మాత్రమే వాడి, వివరమంతా తెలుగులో ఒక పట్టికలో రాసుకోవడం నయం. ఏ క్లిప్‌లో ఏముంది, ఎవరు మాట్లాడారు, ఏ ఫిల్టర్ వాడారు, మాట్లాడినవారి అనుమతి పత్రం ఎక్కడుంది అన్నవి ఆ పట్టికలో ఉండాలి. పట్టికను ఏ ప్రోగ్రాములోనైనా తెరుచుకునే `.csv` ఫైలుగా దాస్తే చాలు.

శీర్షికల అక్షరాలది మరో కథ. తెలుగు ప్రచురణ రంగంలో ఏళ్లపాటు రాజ్యమేలిన అను ఫాంట్లు యూనికోడ్ కావు. వాటితో కూర్చిన శీర్షిక లోపల నిజానికి ఇంగ్లిష్ గుర్తులే ఉంటాయి. ఫాంటు వాటికి తెలుగు రూపం తొడుగుతుంది. కొత్త కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోతే తెర మీద అర్థం లేని గుర్తులు వరుసగా నిలబడతాయి. అసలు ఏమని రాశారో కూడా తెలియదు. యూనికోడ్ ఫాంటయితే మాట పోదు గాని, వేరే ఫాంటు వచ్చి చేరి వరుసలు చెదిరిపోతాయి. దీనికి మందు మూడు పనులు. ఫాంటు ఫైలును `04_FONTS`లో ఉంచాలి. తెర మీది అక్షరాలన్నిటినీ యూనికోడ్‌లో మామూలు పాఠంగా రాసి పెట్టాలి. ప్రతి శీర్షికనూ పారదర్శక నేపథ్యం ఉన్న బొమ్మగా కూడా దాచాలి.

కాపీ అయిందా, సరిగ్గా కాపీ అయిందా

ఫోల్డరూ పేర్లూ సరిగ్గా ఉన్నాక మిగిలేది బైట్ల సంగతి. కాపీ అయిన ఫైలు సైజు సరిపోయిందంటే లోపలిదంతా సరిగ్గా ఉన్నట్టు కాదు. దీన్ని తేల్చడానికి చెక్‌సమ్ అనే లెక్క ఉంది. ఫైలులోని బైట్లన్నిటినీ ఒక గణిత సూత్రం గుండా పంపితే ఒక పొడవైన సంఖ్య వస్తుంది. 50 జీబీ ఫైలులో ఒక్క బిట్ మారినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. లినక్స్‌లో రెండు వరుసలతో పని అవుతుంది. మ్యాక్‌లో, విండోస్‌లో ఇదే పని చేసే ఆదేశాలు, ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి.

```
find 01_FOOTAGE -type f -exec sha256sum {} + > manifest.sha256
sha256sum -c --quiet manifest.sha256
```

మొదటి వరుస ప్రతి ఫైలుకూ వేలిముద్ర తీసి జాబితా రాస్తుంది. రెండో వరుసను కాపీ ఉన్న డ్రైవులో నడిపితే, తేడా వచ్చిన ఫైళ్ల పేర్లు మాత్రమే చెబుతుంది. ఏమీ చెప్పకుండా ముగిస్తే అన్నీ సరిపోయినట్టు. మొదటి జాబితాను నేరుగా కార్డు నుంచి కాపీ చేసిన రోజే తీయాలి. రెండు డ్రైవుల్లోనూ లెక్క సరిపోయాకే కార్డును చెరపాలి. ఏడాది తర్వాత తీస్తే అప్పటికే చెడిన ఫైలు వేలిముద్రే నమోదవుతుంది.

ఎన్ని కాపీలు ఉండాలన్న దానికి అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఇప్పటికీ సరిపోతుంది. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్లోనో వేరే భవనంలోనో. మన బృందం 600 జీబీకి మూడు కాపీలన్నా 2 టీబీ లోపే. ఇక్కడ రెండు పొరపాట్లు తరచూ కనిపిస్తాయి. ఆన్‌లైన్‌లో దానంతటదే సరిచూసుకునే ఫోల్డర్‌ను కాపీగా లెక్కపెట్టడం మొదటిది. ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోయే వ్యవస్థ అది. పాత రూపాలను విడిగా నిలిపి ఉంచితే తప్ప అది కాపీ కాదు.

ఎస్ఎస్‌డీని బీరువాలో పెట్టి మరిచిపోవడం రెండోది. ఎస్ఎస్‌డీలో సమాచారం అతి చిన్న అరల్లో బంధించిన విద్యుదావేశంగా ఉంటుంది. ఆ ఆవేశం కాలంతో పాటు మెల్లగా కారిపోతుంది. వేడి పెరిగేకొద్దీ ఎలక్ట్రాన్లు తప్పించుకోవడం పెరుగుతుంది. పరిశ్రమ ప్రమాణం ప్రకారం, తన రాత సామర్థ్యమంతా వాడేసిన మామూలు ఎస్ఎస్‌డీ విద్యుత్తు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఒక ఏడాది పాటు సమాచారం నిలపగలిగితే చాలు. కొత్త డ్రైవు అంతకన్నా చాలా ఎక్కువ కాలం నిలుపుతుంది. కానీ వేసవిలో 45 డిగ్రీలు తాకే విజయవాడలో, రామగుండంలో ఏసీ లేని గదిలోని బీరువా పదేళ్ల నిలవకు నమ్మదగిన చోటు కాదు. ఎడిట్ చేయడానికి ఎస్ఎస్‌డీ, దాచడానికి హార్డ్ డిస్కులు అనుకోవడం మంచిది. హార్డ్ డిస్కును కూడా ఏడాదికొకసారి తగిలించి పైన చెప్పిన రెండో వరుసను నడపాలి. ఒక కాపీలో తేడా వస్తే మరో కాపీ నుంచి ఆ ఫైలును తెచ్చుకోవచ్చు. కొన్నేళ్లకొకసారి కొత్త డిస్కులకు మార్చాలి. పెద్ద సంస్థలు వాడే ఎల్‌టీఓ టేపు చాలా కాలం నిలుస్తుంది. కానీ దాన్ని చదివే యంత్రం కూడా నిలవాలి. ఎల్‌టీఓ-9 యంత్రం ఎల్‌టీఓ-8 టేపును చదువుతుంది గాని ఎల్‌టీఓ-7ను చదవదు.

ప్రోగ్రాము పోయినా ఎడిట్ మిగలాలి

అన్నీ భద్రంగా ఉన్నా ప్రోగ్రామే మాయమయ్యే సందర్భం ఉంది. 2011లో వచ్చిన ఫైనల్ కట్ ప్రో టెన్, అంతకు ముందరి ఫైనల్ కట్ ప్రో 7 ప్రాజెక్టులను తెరవలేదు. 2019లో మ్యాక్ వ్యవస్థ 32-బిట్ ప్రోగ్రాములన్నిటినీ నడపడం మానేసింది. పాత ప్రోగ్రాముకు కొత్త మ్యాక్‌లో చోటు లేకుండా పోయింది. ఎడిట్‌ను మామూలు పాఠంగానో అందరికీ తెరిచిన రూపంలోనో ఎగుమతి చేసి పెట్టుకున్నవారికి దారి దొరికింది. పాత పద్ధతైన ఈడీఎల్ జాబితాలో ఒక షాట్ ఇలా ఉంటుంది:

```
012  CHVA01   V     C        09:25:12:10 09:25:20:00 01:04:31:05 01:04:38:20
* FROM CLIP NAME: 20191226_CHV_A01_C0007.MP4
```

ఇది పన్నెండో షాట్. చెరువత్తూరు మొదటి కార్డులోది. మొదటి రెండు సమయాలు క్లిప్‌లో ఎక్కడి నుంచి ఎక్కడి వరకు తీసుకున్నారో చెబుతాయి. కెమెరా టైమ్‌కోడ్‌ను గడియారంతో కలిపి ఉంచారు కాబట్టి అది ఉదయం 9 గంటల 25 నిమిషాల 12 సెకన్లని కూడా తెలిసిపోతుంది. తర్వాతి రెండు, చిత్రంలో ఆ షాట్ స్థానం. చిత్రం 01:00:00:00 దగ్గర మొదలవుతుంది కాబట్టి ఇది 4 నిమిషాల 31 సెకన్ల తర్వాత వస్తుంది. ఏ ప్రోగ్రామూ లేకపోయినా మనిషి దీన్ని చదివి ఎడిట్‌ను చేత్తో తిరిగి కూర్చగలడు. రంగుల దిద్దుబాటు, ధ్వని మిశ్రమం మాత్రం ఈ జాబితాలో ఉండవు. ఎక్‌స్‌ఎంఎల్, ఓపెన్‌టైమ్‌లైన్‌ఐఓ వంటి రూపాలు మరికొంత మోస్తాయి, అన్నీ మోయవు.

అందుకే జాబితాతో పాటు మరో రెండు వస్తువులు `06_EXPORTS`లో ఉండాలి. ఒకటి, తెర మీద అక్షరాలేవీ లేని, నాణ్యత తగ్గని పూర్తి చిత్రం. 22 నిమిషాలకు హెచ్‌డీలో ప్రోరెస్ 422 హెచ్‌క్యూ రూపంలో అది సుమారు 30 జీబీ. రెండోది, మాట, సంగీతం, పరిసర ధ్వని మూడు విడివిడి ఫైళ్లుగా. టైమ్‌లైన్ తెరుచుకోకపోయినా ఈ రెండింటితో కొత్త భాషలో వ్యాఖ్యానం, కొత్త శీర్షికలు చేర్చవచ్చు.

తెరిచి చూస్తేనే నమ్మకం

ఇంత చేసేందుకు చిన్న బృందాలకు సమయం ఎక్కడిదన్న అభ్యంతరం సరైనదే. ప్రతి చిత్రానికీ 12 గంటల ఫుటేజ్ అంతా దాచనక్కర్లేదన్నదీ నిజమే. స్టూడియోలో తీసిన వివరణను మళ్లీ తీయవచ్చు. వాడిన ముక్కలను మాత్రమే, అటూ ఇటూ కొన్ని సెకన్లు వదిలి, విడిగా తీసి దాచే సదుపాయం ఎడిటింగ్ ప్రోగ్రాముల్లో ఉంది. కానీ గ్రహణం, వరద, తుపాను, వేదిక మీది నుంచి వెళ్లిపోయిన ఒక శాస్త్రవేత్త ఇంటర్వ్యూ మళ్లీ తీయగలిగినవి కావు. ఎడిటర్‌కు అక్కర్లేదనిపించిన షాట్‌లో రేపటి పరిశోధకుడికి కావలసింది ఉండవచ్చు. మళ్లీ జరగని సంఘటన అయితే అంతా దాచాలి, మిగతా వాటిలో ఎంచుకోవచ్చు అన్నది పాటించదగిన గీత.

ప్రజాధనంతో విజ్ఞాన చిత్రాలు తీయించే సంస్థలు ఒప్పందంలో ఒక చిన్న పరీక్షను చేరిస్తే మిగతాదంతా దాని వెంట వస్తుంది. బృందం ఇచ్చిన డిస్కును చిత్రం ఎన్నడూ చూడని కంప్యూటర్‌కు తగిలించాలి. బృందం సొంత డ్రైవులేవీ దగ్గర ఉండకూడదు. ఎడిట్‌తో సంబంధం లేని మనిషి `00_README.txt` చదివి, అందులో రాసిన ప్రోగ్రాము, దాని వెర్షను, సెకనుకు ఎన్ని ఫ్రేములన్న వివరాల ప్రకారం ప్రాజెక్టును తెరవాలి. ఎర్రటి పలక ఒక్కటీ కనిపించకూడదు. ఒక శీర్షికను మార్చి, ఒక నిమిషం చిత్రాన్ని ఎగుమతి చేయగలగాలి. ఒక్క మనిషికి ఒక పూట పని. లోపం ఉంటే ఆ రోజే బయటపడుతుంది. అప్పటికి ఎడిటర్ ఇంకా ఫోన్‌లో దొరుకుతాడు, పాత ల్యాప్‌టాప్ ఇంకా బతికే ఉంటుంది, `Downloads`లోని చంద్రుడి బొమ్మ అక్కడే ఉంటుంది. చివరి విడత డబ్బు ఈ పరీక్ష తర్వాతే చెల్లించాలి.

2019 ఫుటేజ్ ఉన్నవారికి 2031 మే దాకా వేచి చూడాల్సిన పనీ లేదు. పాత డిస్కును ఈ వారమే తగిలించి, ప్రాజెక్టును తెరిచి, ఎన్ని క్లిప్‌లు ఎర్రగా కనిపిస్తున్నాయో లెక్కపెట్టవచ్చు. వాటిలో కొన్నింటి ఆచూకీ చెప్పగల మనుషులు ఇంకా అందుబాటులో ఉన్నారు.